కోపం తెప్పించిన మెయిల్‌కి జవాబు రాసే ముందు ఆ అరగంట ఎలా గడపాలి

ప్రశ్న: "ఎవరైనా ఘాటుగా మెయిల్ పెడితే, అదీ మా మేనేజర్‌ని సీసీలో పెట్టి, నాకు చేతులు ఆగవు. వెంటనే జవాబు కొట్టేస్తాను. పంపాక బాధపడతాను. కాసేపు ఆగమని అందరూ అంటారు. ఆగి కూడా చూశాను. గంట తర్వాత కూడా కోపం అలాగే ఉంటోంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువవుతోంది. అసలు ఆగడం అంటే ఏం చేయాలో వరసగా చెప్పగలరా?"

జవాబు:

ఆ గంటలో మీరు ఏం చేశారన్నదే అసలు విషయం. కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాసే టీమ్‌ని చాలా ఏళ్లు నడిపాను. అక్కడ నేను పదే పదే చూసింది ఇదే. చేతులు కీబోర్డు మీద నుంచి తీసేస్తారు గానీ, మనసులో జవాబు రాయడం మాత్రం ఆపరు. "ముందు మీరు పంపాల్సింది పంపారా?" అని ఒక వాక్యం, దానికి అవతలివాళ్లు ఏమంటారో ఊహించుకుని ఇంకో వాక్యం. గంటసేపు ఇలా వాదించుకున్న మనిషి సీట్లోకి వచ్చేసరికి మొదటికన్నా పదునైన జవాబుతో వస్తాడు. దాన్ని ఆగడం అనలేం.

శరీరంలో జరిగేది తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మెయిల్ చదివిన క్షణాల్లోనే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, దవడ బిగుసుకుంటుంది, చూపు ఆ ఒక్క వాక్యం మీదే నిలబడిపోతుంది. రక్తంలో అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ అలా కాదు. అది ఇరవై, ముప్పై నిమిషాలకు బాగా పెరిగి, మళ్లీ దిగడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటుంది. ఈలోగా మీరు ఆ మెయిల్ మళ్లీ తెరిచినా, మనసులో తిరగేసినా శరీరానికి అది కొత్తగా వచ్చిన మెయిల్ లాంటిదే. లెక్క మళ్లీ మొదలవుతుంది. గంట ఆగినా తగ్గకపోవడానికి కారణం ఇది. మీ స్వభావంలో లోపమేమీ లేదు.

కోపాన్ని కక్కేస్తే పోతుందన్న నమ్మకం కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. విద్యార్థులు రాసిన వ్యాసాన్ని ఘాటుగా విమర్శించి వాళ్లకు కోపం తెప్పించారు. తర్వాత కొందరిని, విమర్శించిన మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని కొట్టమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుంటూ కొట్టమన్నారు. మిగిలినవాళ్లను ఊరికే కూర్చోబెట్టారు. మనిషిని తలుచుకుంటూ కొట్టినవాళ్లకే అందరికన్నా ఎక్కువ కోపం మిగిలింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు తర్వాత తక్కువ దూకుడు చూపించారు. మెయిల్ రాగానే పక్క సీటు స్నేహితుణ్ణి పిలిచి "చూడు, ఎలా రాశాడో" అని చదివి వినిపించడం కూడా ఆ మొదటి గుంపు చేసిన పనే. స్నేహితుడు మన పక్షాన మాట్లాడతాడు కాబట్టి హాయిగా అనిపిస్తుంది, కోపం మాత్రం దిగదు. అదే బుష్‌మన్ మరో పరిశోధకురాలితో కలిసి 150కి పైగా అధ్యయనాలను జోడించి 2024లో చేసిన విశ్లేషణలోనూ, శరీరాన్ని నెమ్మదింపజేసే పనులే కోపాన్ని తగ్గిస్తున్నాయని తేలింది. పరుగు లాంటివి ఆరోగ్యానికి మంచివే, కోపానికి మాత్రం పనిచేయలేదు. అందుకే నేను చెప్పబోయే వరసలో చెమట పట్టించే పని ఏదీ లేదు.

ముందుగా చేతుల సంగతి. రిప్లై బాక్స్ మూసేయండి. అందులో టైప్ చేస్తే టూ, సీసీ అడ్రస్‌లు అప్పటికే నిండి ఉంటాయి. కోపంలో వేళ్లు వేగంగా కదులుతాయి, జీమెయిల్‌లో అయినా అవుట్‌లుక్‌లో అయినా `Ctrl+Enter` నొక్కితే మెయిల్ వెళ్లిపోతుంది. కొత్త లైను కోసం Enter కొట్టబోతే పొరపాటున అది పడిందంటే అంతే. రాయకుండా ఉండలేకపోతే నోట్స్‌లో రాయండి, ఒక్కసారి, దిద్దకుండా. "రాసి పంపకుండా దాచుకో" అనే సలహా చాలామంది ఇస్తారు. అందులో సగమే పనికొస్తుందని నా అభిప్రాయం. ఒకసారి రాసి మూసేస్తే మంచిదే. ఆ రాసినదాన్ని ఇంకా పదునుగా చెక్కుతూ కూర్చుంటే మళ్లీ అదే రిహార్సల్.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో General కింద Undo Send అని ఉంటుంది, దాన్ని 30 సెకన్లకు పెట్టుకోండి. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో అయితే Rules లోకి వెళ్లి, పంపిన ప్రతి మెయిల్‌ని కొన్ని నిమిషాలు ఆపి ఉంచేలా పెట్టుకోవచ్చు, గరిష్ఠంగా 120 నిమిషాల వరకు. ఐదు నిమిషాలు పెట్టుకున్నా చాలు. వెళ్లిపోయిన మెయిల్‌ని వెనక్కి రప్పించే Recall మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది బయటి సంస్థలకు వెళ్లిన మెయిల్ మీద పనిచేయదు. లోపల కూడా అవతలివాళ్లు చదివేసి ఉంటే లాభం లేదు.

తర్వాత, మీ మౌనాన్ని అవతలివాళ్లు నిర్లక్ష్యం అనుకునే అవకాశం ఉంటే రెండు లైన్లు పంపండి. "మీ మెయిల్ చూశాను. వివరాలు చూసుకుని ఈ రోజు మధ్యాహ్నం 2 గంటల్లోపు పూర్తి జవాబు ఇస్తాను." అంతే. అందులో కారణాలు వద్దు, సంజాయిషీ వద్దు, "కానీ" అసలే వద్దు. ఎందరు సీసీలో ఉంటే అందరికీ వెళ్లాలి, ఎందుకంటే మీ మేనేజర్ కూడా ఆ మెయిల్ చదివి ఎదురుచూస్తూ ఉంటారు. ఇది పంపాక సగం టెన్షన్ అక్కడే పోతుంది. వెంటనే జవాబు ఇవ్వాలన్న తొందర చాలావరకు, నేను ఏమీ మాట్లాడకపోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో అన్న భయం నుంచే వస్తుంది. టైమ్ చెప్పేశారు కాబట్టి ఆ భయానికి ఇక పని లేదు. చెప్పిన టైమ్ దాటితే మాత్రం వాళ్లకు కొత్త ఫిర్యాదు దొరుకుతుంది. అందుకని మీకు కావాల్సినదానికన్నా ఒక గంట ఎక్కువే చెప్పండి.

ఇప్పుడు శరీరం. కుర్చీలోనే కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి సుమారు ఆరుసార్లు వస్తుంది. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. మొదటి నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. రెండు మూడు నిమిషాలకు భుజాలు కిందికి దిగడం, పళ్ల మధ్య బిగువు సడలడం మీకే తెలుస్తుంది. తల తిరిగినట్టు అనిపిస్తే మరీ గట్టిగా పీలుస్తున్నారన్నమాట, మామూలుగా పీల్చండి.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇంకో పని. ఇదే ఈ వరసలో గుండెకాయ. ఆ పని తేలికగా ఉండాలి గానీ, బుర్ర పెట్టకపోతే తప్పు వచ్చేలా ఉండాలి. ఖర్చుల షీట్‌లో అంకెలు సరిచూడటం, చిందరవందరగా ఉన్న ఫోల్డర్‌లో ఫైళ్లకు పేర్లు పెట్టడం, రేపటి మీటింగ్ ఎజెండా రాయడం లాంటివి. ఊరికే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడితే చాలదు, ఖాళీగా ఉన్న మనసు నేరుగా ఆ మెయిల్ దగ్గరికే వెళ్తుంది. నడవాలనిపిస్తే నెమ్మదిగా నడవండి, ఫోన్ డెస్క్ మీదే వదిలేసి. ఇరవై నిమిషాలు అన్న లెక్క నేను పెట్టింది కాదు. దంపతుల గొడవల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ కూడా, మాట అదుపు తప్పుతున్నప్పుడు కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండమనే చెబుతారు. ఆ టైమ్‌లో గొడవ గురించి ఆలోచించకూడదన్నది ఆయన పెట్టే షరతు. మెయిల్‌కీ అదే వర్తిస్తుంది.

మనసు మధ్యలో మళ్లీ అటు పోతుంది, తప్పదు. పోయిందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. మీలో మీరు పూర్తి వాక్యాలు మాట్లాడుకుంటూ ఉంటారు, అవి "అసలు", "అంటే ఏంటి", "ముందు వాళ్లు" లాంటి మాటలతో మొదలవుతుంటాయి. అది పట్టుకున్నప్పుడు "మళ్లీ జవాబు రాస్తున్నాను" అని ఒక్క ముక్క అనుకుని షీట్‌లో తర్వాతి అంకె దగ్గరికి రండి. ఆలోచన రాకూడదని పట్టుబడితే అది ఇంకా ఎక్కువ వస్తుంది. వచ్చినప్పుడల్లా తిరిగి రావడమే పని.

చల్లబడ్డారో లేదో గడియారం చెప్పదు. నేను టీమ్‌లో వాడిన పరీక్ష ఒకటే. మెయిల్ తెరవకుండా, అవతలివాళ్ల ఫిర్యాదు ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి, వాళ్లు వింటే "అవును, నేను చెప్పింది అదే" అనాలి. "నా మీద పడి ఏడుస్తున్నాడు" అన్న వాక్యం వస్తే ఇంకో పదిహేను నిమిషాలు కావాలి. "రిపోర్ట్ ఎప్పుడు వస్తుందో తెలియక వాళ్ల మీటింగ్ ఆగింది" లాంటిది వస్తే కూర్చోవచ్చు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. నేను కొత్తవాళ్లకు నేర్పడానికి తయారు చేసుకున్నది. ఉదయం 11:40కి క్లయింట్ నుంచి ఇలా వచ్చిందనుకోండి, మీ మేనేజర్ సీసీలో:

"ఇది మూడోసారి. సోమవారం రావాల్సిన రిపోర్ట్ బుధవారం కూడా రాలేదు. పోయిన నెల రిపోర్ట్‌లో రెండో పేజీ మొత్తాలు కూడా తప్పే. మీ టీమ్‌లో ఎవరూ చూసుకోరా? ఇలాగైతే మీతో పని చేయడం కష్టం. ఈ రోజు ఎన్ని గంటలకు పంపుతారో చెప్పండి."

మీకు తెలిసిన సంగతి ఏమిటంటే, వాళ్లు డేటా పంపిందే మంగళవారం సాయంత్రం 5 గంటలకు. అందుకని వేడి మీద వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "మీరు డేటా మంగళవారం సాయంత్రం పంపారని దయచేసి గమనించగలరు. మా టీమ్ గురించి ఇలా మాట్లాడటం సరికాదు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది చెడ్డ జవాబే. వాళ్లు అడిగింది టైమ్, అది ఇందులో లేదు. రెండో పేజీ మొత్తాల మాట ఎత్తనే లేదు కాబట్టి అది నిజమేనన్నమాట అనుకుంటారు. ఇక ఆ "గమనించగలరు" మర్యాదగా ఉన్నట్టే ఉండి గుచ్చుకుంటుంది. చదివేవాళ్లు ఆ ముల్లునే చూస్తారు, తేదీని చూడరు.

చల్లబడ్డాక ఆ మెయిల్‌ని నోట్స్‌లో అతికించి, ఒక్కో వాక్యం విడి లైనులో పెట్టండి. ప్రతి లైను పక్కన మూడింట్లో ఒక మాట రాయండి: చూసి తేల్చాల్సింది, అడిగింది, గుచ్చింది. "మూడోసారి" చూసి తేల్చాల్సింది. రిపోర్ట్ రాలేదన్నది, మొత్తాలు తప్పన్నది కూడా అదే. "ఎవరూ చూసుకోరా" గుచ్చింది. "పని చేయడం కష్టం" కూడా గుచ్చిందే, అయితే మేనేజర్ చెవిన వేయాల్సిన సంగతి. "ఎన్ని గంటలకు" ఒక్కటే అడిగింది. మిమ్మల్ని మండించిన లైనుకి అసలు జవాబే అక్కర్లేదని ఇక్కడ కళ్లకు కడుతుంది. అది తెలిశాక రాయడం సగం అయిపోయినట్టే.

ఇప్పుడు తేల్చాల్సినవి తేల్చండి. పాత మెయిళ్లు తిరగేస్తే నిజంగా ఆలస్యమైంది రెండుసార్లే, ఇంకోసారి వాళ్లే తేదీ మార్చమన్నారు. రెండో పేజీ తెరిస్తే ఒక కాలమ్ కూడిక నిజంగానే తప్పు. నా మాట వినండి, ఆ "మూడోసారి"ని జవాబులో దిద్దొద్దు. రెండా మూడా అన్నది గెలిచినా మీకు ఒరిగేదేమీ లేదు, మెయిల్ మొత్తం ఆ లెక్క మీదకు పోతుంది. మేనేజర్ అడిగితే చెప్పడానికి తేదీలు నోట్స్‌లో ఉంచుకోండి. డేటా ఆలస్యమైన మాట మాత్రం జవాబులో ఉండాల్సిందే, లేకపోతే వచ్చే నెల కూడా ఇదే జరుగుతుంది. దాన్ని నిందలాగా వెనక్కి చూపించకుండా ముందుకి తిప్పితే ఇలా వస్తుంది:

"రిపోర్ట్ ఈ రోజు సాయంత్రం 4 గంటలకు పంపుతాను. పోయిన నెల రెండో పేజీ చూశాను. ఒక కాలమ్ కూడిక తప్పుగా ఉంది, సరిచేసిన పేజీ దీంతో పాటే జతచేశాను. ఈసారి డేటా మంగళవారం సాయంత్రం 5కి అందడంతో పని బుధవారానికి జరిగింది. అది ఆలస్యమవుతుందని మీకు అప్పుడే చెప్పాల్సింది, చెప్పనందుకు సారీ. ఇకపై శుక్రవారం సాయంత్రానికి డేటా అందితే సోమవారం ఉదయం రిపోర్ట్ మీ చేతిలో ఉంటుంది. ఈ ఏర్పాటు మీకు కుదురుతుందా?"

ఇందులో లొంగిపోవడం ఎక్కడా లేదు. తేదీ ఉంది, కారణం ఉంది, షరతు ఉంది. సారీ కూడా మీ చేతిలో ఉన్న పనికే చెప్పారు, వాళ్లు వేసిన నింద అంతటికీ కాదు.

పంపే ముందు ఒక్కసారి పైకి చదవండి, ఏ భావమూ లేకుండా, రైల్వే అనౌన్స్‌మెంట్ చదివినట్టు. మన గొంతులో ఉన్న మెత్తదనం మెయిల్‌లోకి వెళ్లదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరికొందరు కలిసి చేసిన ప్రయోగాల్లో, తమ మెయిల్‌లోని వెటకారాన్ని చదివేవాళ్లు పట్టుకుంటారని రాసినవాళ్లు గట్టిగా నమ్మారు. చదివినవాళ్లు పట్టుకున్నది దాదాపు సగం సార్లే, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. మీకు కోపంగా అనిపించిన మెయిల్ కూడా, అవతలి మనిషి లిఫ్ట్ ఎక్కుతూ ఫోన్‌లో రెండు ముక్కల్లో కొట్టింది అయి ఉండొచ్చు. మీకు బాగా పడే మనిషి పంపాడనుకుని మళ్లీ చదవండి. అప్పటికీ ఘాటుగానే ఉంటే ఘాటుగా ఉన్నట్టే.

ఈ వరస పనికిరాని సందర్భాలు కూడా ఉన్నాయి. సర్వీస్ ఆగిపోయింది, డబ్బు తప్పు ఖాతాకి వెళ్లింది, మనుషులకు ప్రమాదం ఉంది అన్నప్పుడు ఇరవై నిమిషాల ప్రశ్నే లేదు, ముందు పని మొదలుపెట్టి "చూస్తున్నాం" అని ఒక లైను పంపాలి. బూతులు, బెదిరింపులు, కులం గురించో ఆడమగ గురించో మాటలు ఉంటే మీరు చల్లబడి జవాబు రాయాల్సిన మెయిల్ కాదు అది. చెరపకుండా దాచి, మేనేజర్‌కో హెచ్‌ఆర్‌కో పంపండి. సాయంత్రం ఆలస్యంగా వచ్చిన మెయిల్‌కైతే ఆ రెండు లైన్లు పంపి, పూర్తి జవాబు పొద్దున రాయడమే మేలు. పడుకునే ముందు దాన్ని ఇంకోసారి తెరిచారంటే మాత్రం రాత్రంతా రిహార్సలే. అందుకని ఫోన్‌లో ఆఫీసు మెయిల్ నోటిఫికేషన్లు ఆ పూటకి ఆపేయండి.

ఇంకొకటి. పూర్తిగా చల్లబడ్డాక కూడా "మా టీమ్ గురించి అందరి ముందూ అలా రాయకుండా ఉండాల్సింది" అని చెప్పాలనే అనిపిస్తే, చెప్పండి. అణచుకోమని నేను అనను, అలా అణచుకున్నది వచ్చే నెల మెయిల్‌లో బయటపడుతుంది. రిపోర్ట్ వెళ్లాక, మర్నాడు, ఫోన్‌లో, సీసీలో ఎవరూ లేకుండా చెప్పండి. "నిన్న రిపోర్ట్ విషయంలో మీ ఇబ్బంది అర్థమైంది. 'ఎవరూ చూసుకోరా' అన్న మాట మాత్రం మా వాళ్లకు బాధ కలిగించింది. ఏదైనా తేడా వస్తే ముందు నాకు ఒక్క ఫోన్ చేయండి, నేను చూసుకుంటాను." ఇదే మూడు వాక్యాలు మొదటి జవాబులో పెట్టి ఉంటే గొడవ అయ్యేది. ఇక మీ జవాబుకి మళ్లీ అంతే ఘాటుగా ఇంకో మెయిల్ వస్తే, మూడో మెయిల్ రాయకుండా అప్పుడే ఆ ఫోన్ చేసేయండి.